తేదీ మార్చడానికి 2,750 అన్నారు, 5,000 అడిగారు

పోస్టు కొంచెం పెద్దది. కానీ మనలో ఎవరైనా ఇంటర్వ్యూకి విమానం టికెట్ కొనుక్కుంటే, తర్వాత తేదీ మారితే, ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

మాది పాడేరు వైపు. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదట. ఇప్పుడు విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఢిల్లీలో ఒక ఇంటర్న్‌షిప్‌కి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, 14వ తేదీన. 12 వరకు నాకు పరీక్షలు. రైల్లో పోతే దాదాపు రోజున్నర పైనే పడుతుంది, అందదు. అందుకే 13న విమానం. మా సీనియర్ అన్న తన కార్డుతో ఒక బుకింగ్ యాప్‌లో తీసిచ్చాడు. మొత్తం 6,200 అయింది. మిరియాలు అమ్మిన డబ్బులోంచి నాన్న ఆ సొమ్ము అన్నకి పంపాడు.

8వ తేదీ సాయంత్రం మెయిల్ వచ్చింది: ఇంటర్వ్యూ 21కి మారింది. సరే, 13 బదులు 20న ఎక్కుదాం అనుకున్నాను. 19 వరకు ప్రాక్టికల్స్ ఉన్నాయి కాబట్టి అప్పుడు కూడా రైలు కుదరదు. యాప్‌లో చూస్తే తేదీ మార్పు రుసుము 2,750 అని కనిపించింది. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను.

"ఇంకా ఎంతవుతాదిరా?" అన్నాడు.

"2,750 నాన్నా."

"మార్చడానికే అంతా?" అని కాసేపు ఆగాడు. మర్నాడు సంతకి వెళ్లినప్పుడు అడిగి, సాయంత్రానికి 3,000 ఫోన్‌పే చేయించాడు.

9వ తేదీ రాత్రి కూర్చుని తేదీ మార్చి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లాను. అక్కడ కట్టాల్సింది 5,000 అని ఉంది. తప్పు నొక్కానేమో అనుకుని మళ్లీ మొదటినుంచి చేశాను. మళ్లీ అంతే.

అప్పుడు `Fare Rules` అనే లింకు తెరిచి మొత్తం చదివాను. టికెట్ కొన్న రోజున దాని వైపు చూడనేలేదు. 2,750 కింద సన్నని అక్షరాల్లో `Plus fare difference, if any` అని ఉంది. నా లెక్క తప్పింది అక్కడే.

తేదీ మార్పు రుసుము అంటే మార్చినందుకు విమాన సంస్థ తీసుకునేది మాత్రమే. టికెట్ ధరల్లో తేడా వేరే కట్టాలి. నా పాత టికెట్‌లో యాప్ వాళ్ల సౌకర్య రుసుము 250 తీసేస్తే విమాన సంస్థ ధర 5,950. అదే విమానానికి 20వ తేదీన ఆ రాత్రి ధర 7,900. తేడా 1,950. దాని మీద మార్చిపెట్టినందుకు యాప్ వాళ్ల సొంత చార్జీ 300. 2,750, 1,950, 300 కలిపితే 5,000. మోసం కాదు, అన్నీ అక్కడ రాసే ఉన్నాయి. నేను చదవలేదు అంతే.

ఒకే విమానంలో ఒకే రకం సీటుకి ఇంత తేడా ఎందుకని అన్నని అడిగాను. మన సంతలో పొద్దు వాలేకొద్దీ టమాటా రేటు దిగుతుంది గదా, విమానం సంతలో ఎక్కువసార్లు దానికి తిరగబడి ఉంటుంది అన్నాడు. సీట్లని రకరకాల రేట్ల కింద పెడతారు, తక్కువ రేటువి ముందు అయిపోతాయి. నేను పాత టికెట్ నెల ముందు కొన్నాను. ఇప్పుడు 20వ తేదీకి మిగిలినవి పై రేటువి. మెయిల్ వచ్చిన 8వ తేదీ సాయంత్రమే చూస్తే తేడా 1,400 ఉండేదట, అన్న అప్పుడే చూశాడు. ఒక్క రోజు ఆగితే 550 పెరిగింది. కొత్త ధర తక్కువగా ఉంటే ఆ తేడా తిరిగి ఇస్తారేమో అని చూశాను. నా టికెట్ నియమాల్లో ఇవ్వరని ఉంది.

ఇంకో గీత కూడా కనిపించింది. ప్రయాణానికి 3 రోజుల కన్నా ముందు మార్చితే 2,750, ఆ లోపల అయితే 3,250. అంటే నాకు మిగిలింది ఆ రాత్రి, మర్నాడు పొద్దున్న, అంతే.

డబ్బు కట్టకుండా ఫోన్ పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో ఇంకో దారి లెక్క వేశాను. టికెట్ రద్దు చేస్తే ఏమవుతుంది? రద్దు రుసుము 3,800, యాప్ చార్జీ 300. 5,950లోంచి అవి పోగా 1,850 తిరిగి వస్తుంది. మొదట కట్టిన 250 ఎలాగూ రాదు. అదే 7,900 విమానం మళ్లీ కొంటే చేతినుంచి పడేది 6,050. దానికన్నా 5,000 కట్టి మార్చుకోవడమే మేలు. కానీ రద్దు చేశాక అదే సంస్థలో కొనాలని లేదు గదా. వేరే సంస్థలో హైదరాబాద్ మీదుగా వెళ్లేది 20న 5,400కి ఉంది. 5,400లోంచి వచ్చే 1,850 తీసేస్తే 3,550. మార్చుకోవడం కన్నా 1,450 తక్కువ. హైదరాబాద్‌లో రెండున్నర గంటలు కూర్చోవాలి, కూర్చుంటే పోయేదేముంది.

ఇక్కడ కూడా ఒక చిక్కుంది. 5,400 ఇప్పుడే కట్టాలి, 1,850 తర్వాత వస్తుంది. నా దగ్గర నాన్న పంపిన 3,000 ఉంది. రూమ్‌మేట్ దగ్గర 2,400 అప్పు తీసుకున్నాను. ముందు కొత్త టికెట్ కొని, అది ఖాయమయ్యాకే పాతది రద్దు చేశాను. రద్దు చేసేటప్పుడు డబ్బు యాప్ వాలెట్‌లోకి వేసేటట్టు ముందే టిక్ పెట్టి ఉంది. దాన్ని తీసేసి, కట్టిన ఖాతాకే పంపమని ఎంచుకున్నాను. కట్టింది అన్న కార్డు కాబట్టి ఆరో రోజున డబ్బు అన్నకే వచ్చింది, ఆయన నాకు పంపాడు. మీ టికెట్ నెట్ సెంటర్‌లోనో ఇంకెవరి కార్డుతోనో తీయిస్తే ఇది గుర్తుంచుకోండి. డబ్బు తిరిగి వెళ్లేది వాళ్ల ఖాతాకే.

నియమాలు చదివాక అన్నని అడిగి తెలుసుకున్నవి ఇంకో మూడు ఉన్నాయి. రుసుము ఒక్కో మనిషికి, ఒక్కో వైపుకి వేస్తారు. వెళ్లడం, రావడం ఒకే టికెట్‌లో ఉండి రెండు తేదీలూ మార్చితే రెండుసార్లు పడుతుంది. టికెట్ కొనేటప్పుడు "ఉచిత తేదీ మార్పు" అని అమ్ముతారు, కొన్ని విద్యార్థి టికెట్లకీ ఆ సౌకర్యం ఉంటుంది. వాటిలో మామూలుగా ఉచితమయ్యేది రుసుము ఒక్కటే, ధరల తేడా కట్టాల్సిందే. నా టికెట్‌కి అది ఉన్నా 1,950 తప్పేది కాదు. మూడోది, రద్దు రుసుము టికెట్ మొత్తాన్ని మింగేసినా ఎయిర్‌పోర్ట్ వాళ్ల ఫీజులు తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నియమం ఉంది. అసలు ప్రయాణం చేయకపోయినా అవి అడగొచ్చు. ఎలాగూ ఏమీ రాదులే అని వదిలేయొద్దు.

నాన్నకి మళ్లీ ఫోన్ చేసి నిజం చెప్పాను, 2,750 కాదు, 3,550 అయిందని. "ముందే మొత్తం చదివి చెప్పాల్సింది గదరా, నేను ఇంకో రెండు కేజీలు ఇచ్చేసేవాణ్ణి" అన్నాడు. రేటు ఇంకా పెరుగుతుందని కొంచెం మిరియం ఆపి ఉంచాడట. రూమ్‌మేట్ అప్పు మాత్రం అన్న పంపిన 1,850కి నా మెస్ డబ్బు 550 కలిపి తీర్చాను.

ఇంటర్వ్యూ అయింది, ఫలితం ఇంకా రాలేదు. మీలో ఎవరికైనా తేదీ మార్చాల్సి వస్తే, ఇంటికి ఫోన్ చేసే ముందు డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చివరి మొత్తం చూడండి. అక్కడి వరకు వెళ్తే పైసా పోదు. ఆ అంకె చూశాకే నాన్నకి చెప్పండి. నేను రాసిన దాంట్లో తప్పుంటే కింద సరిదిద్దండి.