యాభై ఫిల్స్, యాభై మిల్లీమీటర్లు

సల్వా విల్లాల్లో టైల్స్ పని చేసే మనవాళ్లందరికీ ఒక మాట. గదికి ఎంత మాల్ పడుతుందో ఫోన్‌లో లెక్క కట్టి సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టేది మనమే. అది తేడా వస్తే మాట పడేదీ మనమే. అందుకే లెక్క ఎక్కడ జారుతుందో చూద్దాం.

గది పొడవు 5.2 మీటర్లు, వెడల్పు 4.1 మీటర్లు అనుకోండి. టైల్స్ కింద స్క్రీడ్ మందం 50 మిల్లీమీటర్లు. మూడూ గుణిస్తే ఫోన్ 1066 చూపిస్తుంది. ఇవి క్యూబిక్ మీటర్లా? గది నేల చూస్తే 21 చదరపు మీటర్లే. దాని మీద 1066 పోయాలంటే మాల్ 50 మీటర్ల ఎత్తు లేవాలి, అంటే పదిహేను అంతస్తులు! మనం 50 అని కొట్టాం, లెక్క దాన్ని మీటర్లుగా తీసుకుంది. అంతే జరిగింది.

మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చడం మనకి కొత్తేం కాదు, రోజూ బకాలాలో చేసేదే. దినార్‌కి 1000 ఫిల్స్, మీటర్‌కి 1000 మిల్లీమీటర్లు. 50 ఫిల్స్ అంటే 0.050 దినార్. అలాగే 50 మిల్లీమీటర్లు అంటే 0.050 మీటర్. ఇండియాలో రూపాయికి వంద పైసలు లెక్కపెట్టిన అలవాటుతో 0.50 అని రాస్తే అది 500 ఫిల్స్ అయిపోతుంది.

ఇప్పుడు 5.2 × 4.1 × 0.050 చేస్తే 1.066 వస్తుంది. ఇదీ అసలు జవాబు.

జవాబు ఎన్ని రెట్లు ఎక్కువొచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. 1066 వస్తే వెయ్యి రెట్లు, మిల్లీమీటర్లు మార్చలేదు. 106.6 వస్తే వంద రెట్లు, 5 సెంటీమీటర్లని 5 అనే కొట్టేశారు. 10.66 వస్తే పది రెట్లు, 0.05 బదులు 0.5 పడింది. ఆ లెక్కన స్క్రీడ్ మోకాలి దాకా వస్తుంది.

ఇక 1.066లో ఆ చివరి 66ని నమ్మొద్దు. నేల ఎక్కడా సమంగా ఉండదు, మందం ఒక మూల 45, ఇంకో మూల 55 ఉంటుంది. అంటే పదో వంతు అటూ ఇటూ. కాబట్టి 1.1 అని రాస్తే చాలు. పొడి ఇసుక, సిమెంట్ నీళ్లు పోసి కలిపితే కుదించుకుంటాయి కాబట్టి మేస్త్రీలు 1.3 రెట్లు తీసుకుంటారు, అంటే సుమారు 1.4 క్యూబిక్ మీటర్ల పొడి సరుకు. దాన్ని 1.386 అని రాసినంత మాత్రాన లెక్క ఎక్కువ కరెక్ట్ అయిపోదు.

మెసేజ్ పంపే ముందు అంకె పక్కన యూనిట్ రాయండి. తర్వాత వచ్చిన జవాబుని నేల వైశాల్యంతో భాగించండి. మందం తిరిగి 0.05 మీటర్ దగ్గర రావాలి. రాకపోతే పంపొద్దు.