శనగ తొక్క ఎందుకు మెత్తబడదు?

శ్రావణ మాసం వచ్చిందంటే మా రాజోలు వైపు ఇళ్ళల్లో నానబెట్టిన శనగలకి లోటుండదు. వరలక్ష్మీ వ్రతం రోజున అమ్మ పది ఇళ్ళకి పేరంటానికి వెళ్ళొస్తే చాలు, తాంబూలాలతో పాటు వాయనం శనగలు గిన్నెడు పోగవుతాయి. అన్నీ కలిపి కుక్కర్లో పోసేసి గుగ్గిళ్ళు చేస్తాం. తినేటప్పుడు గమనించండి. ఒక గింజ వెన్నలా నలిగిపోతుంది, పక్క గింజ పంటికింద టక్కుమంటుంది. కుక్కరు ఒకటే, విజిల్సూ అవే. కానీ ఒక్కో ఇంటి శనగలు ఒక్కో నీళ్ళలో నానాయి. కొన్ని మొన్న కొన్నవి, కొన్ని డబ్బాలో ఏడాదిగా ఉన్నవి.

మాకైతే సరదాగా ఉంటుంది గానీ మా మామ్మకి కాదు. దవడ పళ్ళు లేవు. పప్పు భాగం ఎలాగో నలుపుతుంది, తొక్క మాత్రం నోట్లోనే తిరుగుతూ ఉంటుంది. పోయినేడాది "నాకొద్దురా, మీరు తినండి" అని గిన్నె పక్కన పెట్టేసింది. శనగ గుగ్గిళ్ళంటే ప్రాణం పెట్టే మనిషి ఆవిడ.

ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు అందుకే ఒక పని పెట్టుకున్నాను. ఒకే కొట్లో, ఒకే బస్తాలోంచి పావుకిలో నల్ల శనగలు తెచ్చి, యాభై గ్రాముల చొప్పున అయిదు గిన్నెల్లో పోశాను. గిన్నెకి అర లీటరు నీళ్ళు. మొదటి దాంట్లో మా బోరు నీళ్ళు. మిగతా నాలుగింట్లో ప్లాంటు నుంచి తెచ్చుకునే టిన్ను నీళ్ళు. మూడో గిన్నెలో టీ స్పూను కంటే కాస్త ఎక్కువ ఉప్పు, నాలుగో దాంట్లో పావు టీ స్పూను వంటసోడా కలిపాను. అయిదోది ఉత్త నీళ్ళలోనే నానింది, దానికి పులుపు ఉడికేటప్పుడు. రాత్రంతా నానాక అన్నీ కడిగి, బోరు శనగలకి బోరు నీళ్ళే, మిగతావాటికి టిన్ను నీళ్ళే పోసి, మూత పెట్టి సన్నసెగ మీద ఉడికించాను. కుక్కరైతే తేడా కనబడకుండా పోతుంది.

నలభై నిమిషాలకే సోడా శనగలు అయిపోయాయి. నీళ్ళు ముదురు రంగుకి తిరిగాయి, తొక్కలు ఊడి పైకి తేలాయి. గంట దాటేసరికి ఉత్త టిన్ను నీళ్ళవీ, ఉప్పులో నానినవీ ఉడికాయి. పప్పు మెత్తదనంలో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు. కానీ రెండు వేళ్ళ మధ్య గింజని నలిపితే, ఉత్త నీళ్ళ శనగ తొక్క కాగితంలా మిగిలింది. ఉప్పులో నానిన దాని తొక్క పప్పుతో పాటే నలిగిపోయింది, పగిలిన గింజలు కూడా తక్కువ. బోరు నీళ్ళవి అప్పటికింకా గట్టిగానే ఉన్నాయి. అయిదోదాంట్లో చెంచాడు చింతపండు గుజ్జు వేసి ఉడికించాను కదా, అది అన్నిటికన్నా మొండి. గంటన్నర తర్వాత కూడా నమిలితే కరకరే.

ఎందుకిలా అంటే, గింజ తొక్కలోనూ లోపలా కణాల్ని ఒకదానికొకటి పెక్టిన్ అనే జిగురు పట్టి ఉంచుతుంది. జామ్‌ని గట్టిపరిచేది కూడా అదే. ఈ జిగురు పోగుల్ని కాల్షియం, మెగ్నీషియం క్లిప్పుల్లా బిగించి పట్టుకుంటాయి. క్లిప్పులు ఊడితేనే జిగురు నీళ్ళలో కరుగుతుంది, గింజ మెత్తబడుతుంది. సముద్రానికి దగ్గరున్న మా వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. సబ్బు నురగ రాదు, నీళ్ళు కాచే గిన్నెకి తెల్లటి పొర కడుతుంది. ఆ తెల్లపొర కాల్షియమే. అంటే అలాంటి నీళ్ళలో శనగలు నానబెడితే క్లిప్పులు ఊడదీయకపోగా ఇంకొన్ని తగిలిస్తున్నట్టే.

ఉప్పులోని సోడియం ఆ కాల్షియంని పక్కకి నెట్టి తను కూర్చుంటుంది. కానీ దానికి బిగించే శక్తి లేదు, అందుకే తొక్క వదులవుతుంది. నానే కొన్ని గంటల్లో సోడియం ఎక్కువగా పైపొరకే చేరుతుంది కాబట్టి ప్రభావం తొక్క మీదే బాగా కనిపిస్తుంది. "ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదు" అని మా ఇంట్లో కూడా అంటారు. నానబెట్టే నీళ్ళ విషయంలో మాత్రం ఆ మాట నిలబడదు. లీటరుకి పదిహేను గ్రాములు సరిపోతుంది.

సోడా పద్ధతి వేరు. అది నీళ్ళని క్షారంగా మారుస్తుంది, క్షారంలో పెక్టిన్ పోగులే తెగిపోతాయి. అందుకే అంత వేగం. కానీ ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. అయిదు నిమిషాలు ఏమరిస్తే గుగ్గిళ్ళు ముద్దయిపోతాయి. కాస్త ఎక్కువైతే సబ్బు రుచి, వేళ్ళకి జారుడు. బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది. నా లెక్కలో సోడా ఒక్క చోటే పనికొస్తుంది, పాత శనగలకి. ఉక్కపోతలో, తేమలో నెలల తరబడి ఉన్న గింజ లోపల్నుంచే మొండికేస్తుంది, దాన్ని ఉప్పు పెద్దగా కదిలించలేదు. మా వైపు వాతావరణంలో డబ్బాలోని శనగలకి ఆ ముసలితనం త్వరగానే వస్తుంది. రాత్రంతా నానినా ఉబ్బకుండా గులకరాళ్ళలా మిగిలినవాటిని మాత్రం ఏరి పారేయడమే, వాటిలోకి నీరే వెళ్ళలేదు.

సరే, మామ్మకి ఏ గిన్నె? నేను మూడోదే అనుకున్నాను. అమ్మ ఆపింది. మామ్మకి బీపీ, డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు. నానిన నీళ్ళు పారబోసినా కొంత ఉప్పు గింజలోనే ఉండిపోతుంది. సోడా అనుకుందామా అంటే అందులో ఉన్నదీ సోడియమే! చివరికి మామ్మ వాటా శనగలు ఉత్త టిన్ను నీళ్ళలో నానబెట్టి, అదే నీళ్ళతో ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ ఉడికించాం. పోపులో ఉప్పు లేదు. పచ్చిమిర్చి, కొబ్బరి కోరు, దించాక నిమ్మరసం. తొక్క మూడో గిన్నె అంత మెత్తగా రాలేదు గానీ నలిగింది. "బాగానే ఉన్నాయిరా, ఉప్పే చచ్చింది" అంది మామ్మ. అయినా గిన్నె ఖాళీ చేసింది.

నిమ్మరసం దించాకే ఎందుకంటే, అయిదో గిన్నె చెప్పింది అదే. పులుపులో పెక్టిన్ కరగడం బాగా నెమ్మదిస్తుంది, ఎంత మంట పెట్టినా. హాస్టల్ రూముల్లో కందిపప్పు, మామిడికాయ ముక్కలు కలిపి ఒకేసారి కుక్కర్లో పడేసి, "పప్పు పలుకుగా ఉందేంటి" అనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. పప్పుకి తొక్క లేకపోయినా అదే సంగతి. కాయ బాగా పుల్లనిదైతే ముక్కలు విడిగా ఉడికించి, పప్పు మెత్తబడ్డాక కలపండి. మామ్మ ఉలవచారు కాచేటప్పుడు చింతపండు జోలికి వెళ్ళేది ఉలవలు పూర్తిగా ఉడికి, ఆ నీళ్ళు వార్చుకున్నాకే. ఎందుకని అడిగితే, "ముందేస్తే ఉలవ బిగుసుకుపోద్దిరా" అంది.