కుక్క "మనం" అంటుంది, పిల్లి "మేము" అంటుంది



ఈమధ్య అందరి స్టేటస్‌లలో కుక్కపిల్లలు, మేకపిల్లలు, చంటిపిల్లల ఫొటోలు బాగా వస్తున్నాయి. కింద రాసేది కూడా వాటి నోటితోనే రాస్తున్నారు. మేం రామచంద్రపురంలో డిగ్రీ చదువుతున్న ఏజెన్సీ అమ్మాయిలం, ఒకే గదిలో ఆరుగురం. రాత్రి అన్నాలయ్యాక ఫొటో పెట్టేముందు మాలో మాకు పెద్ద పంచాయితీ జరుగుద్ది, ఏ మాట ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని. ఆ పంచాయితీల్లో తేలిన సంగతులు రాస్తున్నాం.

మా హాస్టల్ గుమ్మం దగ్గర ఒక కుక్క ఉంటుంది. పేరు టైగర్, బల్లిని చూసినా వెనక్కి తగ్గుద్ది. మొన్న వాన రోజు మెట్ల మీద చెప్పుల మధ్య ముడుచుకుని, ఒక చెప్పు మీద గడ్డం పెట్టి పడుకుంటే ఫొటో తీశాం. ఇలాంటి ఫొటోకి ఎవరికైనా ముందు తట్టే కాప్షన్ ఇలా ఉంటుంది: "హాయ్ ఫ్రెండ్స్, నేను మీ క్యూట్ టైగల్‌ని! బయత వల్షం పత్తోంది, నాకు తలి వేత్తోంది, అందుకే అక్క చెప్పు మీద బజ్జున్నా, లవ్ యూ అక్కా!" దాని కింద ఎనిమిది గుండె బొమ్మలు.

ఇందులో వాన, చలి, చెప్పు మూడూ ఫొటోలోనే కనపడుతున్నాయి. కళ్ళు చూసినదాన్ని మళ్ళీ చెవిలో చెప్పినట్టుంది. "క్యూట్" అన్న మాట చూసేవాళ్ళు అనాలి, కుక్క తనని తాను అనుకోకూడదు. ప్రేమ సంగతి దాని తోకే చెబుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది చెప్పు ఒక్కటే. ఆ చెప్పు గురించి టైగర్ ఏమంటాడు అని ఆలోచిస్తే మా గదిలో ఒకమ్మాయి వెంటనే అంది, "ఆయ్, చెప్పు కావాలాండీ? వాన తగ్గాక తీసుకోండి." అదే పెట్టాం.

ఇక్కడ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందంటే, టైగర్ రామచంద్రపురంలో పుట్టిన కుక్క. కొండ మీద నుంచి వచ్చింది మేం. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో మా మాట విని కొందరు నవ్వేవారు. మరి ఈ ఊరి యాస మా అందరికంటే టైగర్‌కే రావాలి కదా. ముద్దుగా నత్తి పెట్టేకన్నా, పుట్టిన ఊరి మాట పెడితే ఆ జంతువు ఒక మనిషిలా నిలబడుద్ది. మీ ఇంటి మేక మారేడుమిల్లి మేకైతే మీ అమ్మమ్మలా మాట్లాడించండి. ఇంట్లో కోయ మాట్లాడేవాళ్ళు కోయలోనే రాయండి, తెలుగు లిపిలో రాసినా చదువుకుంటాం.

నత్తి మాట అసలు పనికిరాదని కాదు. రెండేళ్ళ పిల్లలకి "ర" పలకడం ఆలస్యంగా వస్తుంది, "రా" అనబోయి "లా" అంటారు. అలాంటి పాప ఫొటోకి ఒక్క మాట అలా ఉంటే ముద్దొస్తుంది. ప్రతి మాటా అలాగే రాస్తే చదివేవాళ్ళు పైకి చదువుకుని అర్థం చేసుకోవాలి, ఈలోపు స్టేటస్ మారిపోద్ది. మనకి బువ్వ, లాల, జోజో, బూచి లాంటి మాటలు ఎలాగూ ఉన్నాయి. వాటిని అక్షరం విరవకుండానే రాయొచ్చు. ఇక ఇంకా మాటే రాని నెలల పిల్లకి నత్తి పెట్టడం ఎందుకు? ఆ వయసు పిల్ల మొహంలో ఉండేది గంభీరం. మొదటిసారి రాగిజావ నోట్లో పెట్టినప్పుడు మొహం చూడండి. "మీరు రోజూ తినేది ఇదేనా?" అని శుభ్రమైన తెలుగులో పెద్దమనిషిలా అడిగినట్టు రాస్తే సరిగ్గా సరిపోతుంది.

ఇక "నేను" సంగతి. జపాన్ రచయిత నత్సుమే సోసెకి 1905లో ఒక పిల్లి నోటితో నవల రాయడం మొదలుపెట్టాడు. పేరు కూడా లేని పిల్లి, కానీ తనని తాను చెప్పుకోవడానికి గొప్పవాళ్ళు బింకంగా వాడే "నేను"ని వాడుకుంటుంది. హాస్యమంతా అక్కడే మొదలవుద్ది. మన తెలుగులో దీనికి ఇంకా వీలుంది, ఎందుకంటే మనకి "మేము", "మనం" వేరు వేరు. వంటగది పిల్లి ఫొటోకి "మేము ఇప్పుడు లేవము" అని రాస్తే రాజుగారు మాట్లాడినట్టుంటుంది. టైగర్ అలా అనడు. అన్నం గంట కొట్టగానే మాకంటే ముందు వరసలో నిలబడే వాడు, "మనకి ఈ పూట గుడ్డంట" అంటాడు. తనని కూడా హాస్టల్ లెక్కలో వేసుకున్నాడన్నమాట. ఆ ఒక్క మాటలోనే పిల్లికీ కుక్కకీ తేడా తెలిసిపోతుంది.

మేం గట్టిగా పట్టుకునేది ఇంకొకటి ఉంది. ఆ ప్రాణికి తెలిసిందే అది మాట్లాడాలి. టైగర్‌కి గరిట చప్పుడు తెలుసు, మేడం బండి చప్పుడు తెలుసు, ఎవరి సంచిలో ఎండుచేప ఉందో తెలుసు. సెమిస్టరు, రిజర్వేషను, పుట్టినరోజు శుభాకాంక్షలు తెలీదు. మనం చిన్నప్పుడు విన్న ఆవు పులి కథలో ఆవు ఎంత మాట్లాడినా దూడ చుట్టూనే తిరుగుద్ది, పాలిచ్చి వస్తానంటుంది. అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన ఆ కథ ఇన్ని వందల ఏళ్ళు నిలిచిందంటే అది ఆవులాగే మాట్లాడబట్టి అని మా అభిప్రాయం.

ఈ లెక్కన కొన్ని ఫొటోలకి కాప్షనే రాయలేం. పంజరంలో రామచిలక ఫొటో పెట్టి "నా కొత్త ఇల్లు ఎలా ఉంది?" అని రాసినవి కనిపిస్తున్నాయి. చిలక నిజంగా మాట్లాడితే "తలుపు తియ్యి" అంటుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకని, జింకపిల్లని ఇంట్లో పెంచడం నేరం. ఆ ఫొటోని మనమే పదిమందికి చూపిస్తున్నాం.

చంటిపిల్లల దగ్గర ఇది ఇంకా సున్నితం. ఆ మధ్య మాలో ఒకరి ఊరికి బట్టలు పంచడానికి ఒక బృందం వచ్చింది. వాళ్ళలో ఒకాయన ఆ అమ్మాయి అక్క కూతుర్ని, ఏడాది పాపని ఎత్తుకుని ఫొటో తీయించుకున్నాడు. తర్వాత అది మా ఫోన్లకి చేరింది. కింద పాప చెబుతున్నట్టు, "నేను అడవి పువ్వుని. బిస్కెట్ అంటే ఏంటో కూడా నాకు తెలీదు. ఈ అంకుల్ నాకు దేవుడు" అని ఉంది. అక్కకి చదివి వినిపించాం. ఆమె అంది, "బిస్కెట్ తెలీకపోవడమేంటే? పొద్దున్నే పాలల్లో ముంచుకుని రెండు తింది."

మాట రానివాళ్ళ నోట్లో మన మాట పెట్టడం ఎంత తేలికో అప్పుడు చూశాం. సినిమాల్లో మన పెద్దవాళ్ళ చేత "దొరా, దొరా" అనిపించడం కూడా ఇదే పని. ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తే పాప నవ్వడం లేదు. కనుబొమ్మలు ముడిచి, ఒళ్ళు వెనక్కి లాక్కుని, ఫొటోలో లేని మనిషి కోసం పక్కకి చూస్తోంది. చెయ్యి అటే చాపింది. మా ఆరుగురం ఆ రాత్రి కూర్చుని ఆ మొహానికి సరిపోయే మాట వెతికాం. పొడుగువి చాలా వచ్చాయి, కోపం నిండినవి కూడా వచ్చాయి. అవి పాప మాటలు కావు, మావి. చివరికి ఇది మిగిలింది:

"ఈయనెవరు? మా అమ్మేది?"

అక్కకి ఫోన్ చేసి చదివాం. రెండుసార్లు చదివించుకుని నవ్వింది. ఆయన మొహం కత్తిరించి, పాప పేరూ ఊరి పేరూ లేకుండా పెట్టుకోమంది. అలాగే పెట్టాం.