నలభై ఎనిమిది నిమిషాల వీడియోలో మా చెల్లెకు కావాల్సింది ఏడు నిమిషాలే

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి. మన గ్రూప్‌లో వీడియోలు చేసేవాళ్లు, చేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉన్నరు కాబట్టి రాస్తున్న.

పోయిన సంవత్సరం హాస్టల్‌లో రాత్రిపూట కూర్చుని స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఎట్ల నింపాలో ఒక వీడియో చేసిన. ఫోన్‌లో స్క్రీన్ రికార్డ్ పెట్టి, పక్కన మాట్లాడుకుంటూ పోయిన. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. నేను ఫస్ట్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఆ ఫారం గురించి చెప్పేవాళ్లు లేక నాలుగుసార్లు మీసేవకు తిరిగిన. అందుకే ఏదీ వదలకుండా అన్నీ చెప్పాలనుకున్న. వీడియో 48 నిమిషాల 30 సెకన్లు వచ్చింది. మంచిగ చేసిన అని సంతోషపడ్డ కూడా.

రెండు నెలల తర్వాత మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. టౌన్‌లో రూమ్ తీసుకుని ఇంటర్ చదువుతున్నది. "అన్నా, అందరికీ మెయింటెనెన్స్ డబ్బులు పడ్డయంట, నాకు పడలే. కిరాయి రెండు నెలలది ఆగింది. ఓనరు రోజూ అడుగుతున్నడు" అన్నది. కొత్తగా తీసిన బ్యాంకు అకౌంట్‌లో చూసుకుంటున్నది. ఆధార్ మాత్రం చిన్నప్పుడు వేరే బ్యాంకులో తీసిన పాత అకౌంట్‌కు సీడ్ అయి ఉన్నది. ఆధార్ మీద పంపే డబ్బులు ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో మన ఆధార్‌కు ఏ బ్యాంకు ఉంటే అక్కడికే పోతయి. డబ్బులు పాత అకౌంట్‌లో పడి ఉన్నయి, ఆమెకు తెల్వదు.

"నా వీడియోలో చెప్పిన కదా, చూడలేదా?" అని అడిగిన. "చూసిన అన్నా, పన్నెండు నిమిషాల దాకా చూసిన. అప్పటికే నెట్ అయిపోయింది. బ్యాంకు ముచ్చట ఎక్కడున్నదో నాకేం తెలుసు?" అన్నది.

నేను బ్యాంకు సంగతి చెప్పింది 32 నిమిషాల 25 సెకన్ల దగ్గర. మొదట్ల రెండు నిమిషాలు నా పేరు, హాస్టల్, వీడియో ఎందుకు చేసిన అన్న కథ. ఆమెకు కావాల్సింది ఏడు నిమిషాల ముక్క. అది ఎక్కడున్నదో చెప్పే గుర్తు నేను ఒక్కటి కూడా పెట్టలేదు.

ఆ గుర్తులే యూట్యూబ్‌లో చాప్టర్లు. వీడియో కింద డిస్క్రిప్షన్‌లో టైమ్, పక్కన పేరు రాస్తే చాలు, కింద నడిచే గీత ముక్కలుగా విడిపోయి ప్రతి ముక్కకు పేరు కనిపిస్తది. పైసా ఖర్చు లేదు. ఫోన్‌లో యూట్యూబ్ స్టూడియో యాప్ తెరిచి, వీడియో మీద నొక్కి, పెన్సిల్ గుర్తుతో డిస్క్రిప్షన్‌లోకి పోయి రాసి సేవ్ చేసుడే.

అంత సులువే గానీ నేను మూడుసార్లు తప్పు చేసిన.

మొదటిసారి `2:00` నుంచి మొదలుపెట్టిన, అసలు విషయం అక్కడే మొదలైతది కదా అని. సేవ్ చేస్తే డిస్క్రిప్షన్‌లో టైమ్‌లు నీలం రంగులో లింకుల్లెక్క వచ్చినయి, నొక్కితే అక్కడికి పోతున్నది. కానీ కింద గీత మాత్రం ఎప్పటిలెక్క ఒక్కటే ఉన్నది. లింకులు పనిచేస్తూ గీత విడిపోకపోతే చాప్టర్లు రాలేదని అర్థం. మొదటి టైమ్ తప్పకుండా `0:00` ఉండాలి. టైమ్‌లు వరుసగా పెరుగుతూ పోవాలి, కనీసం మూడు ఉండాలి.

రెండోసారి సున్నా నుంచి పెట్టినా రాలేదు. చాలాసేపు తల పట్టుకున్న. "జాగ్రత్త, ఇది మర్చిపోకండి" అని ఒక ఆరు సెకన్ల మాటకు కూడా వేరే చాప్టర్ ఇచ్చిన. ప్రతి చాప్టర్ కనీసం పది సెకన్లు ఉండాలి. ఆ ఒక్క లైన్ తీసేస్తే మొత్తం సరి అయింది. టైమ్‌లు కామెంట్‌లో రాసి పిన్ చేస్తే సరిపోతదని కొందరు అనుకుంటరు. అవి నొక్కే లింకులు అయితయి గానీ చాప్టర్లు కావు.

మూడో తప్పు వేరే రకం. మా చెల్లె మాట విన్నంక మొదట్ల ఉన్న నా సొంత కథ తీసేయాలనిపించింది. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద స్టూడియో ఎడిటర్ తెరిచి ముందు నుంచి 1 నిమిషం 10 సెకన్లు కత్తిరించిన. లింక్ మారదు, వ్యూస్ పోవు, అది మంచిదే. కానీ డిస్క్రిప్షన్‌లో టైమ్‌లు మనం రాసిన అక్షరాలు, వాటంతట అవి మారవు. వీడియో ముందుకు జరిగింది, గుర్తులు పాత జాగలోనే ఉన్నయి. బ్యాంకు చాప్టర్ నొక్కినోళ్లు విషయం మొదలై నిమిషం దాటినంక వచ్చి పడుతున్నరు. 32:25 లోంచి 1:10 తీస్తే 31:15. అట్ల అన్నింటినీ కాగితం మీద లెక్కేసి మళ్ల రాసిన. అందుకే కత్తిరింపులు అన్నీ అయిపోయినంకనే టైమ్‌లు రాయండి.

చివరికి ఉన్న లిస్ట్ ఇది. వీడియో ఇప్పుడు 47 నిమిషాల 20 సెకన్లు.

```
0:00 ఈ వీడియోలో ఏముంది
0:50 ముందే దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు
4:35 కులం, ఇన్‌కమ్ సర్టిఫికెట్ నంబర్ ఎక్కడ ఉంటది
9:20 ఫ్రెష్ అప్లికేషన్ నింపడం
18:05 రెన్యువల్ వాళ్లు ఏం చేయాలి
23:30 ఫోటో, స్కాన్ సైజ్ తగ్గించడం
31:15 స్కాలర్‌షిప్ ఏ బ్యాంకులో పడతది, ఆధార్ సీడింగ్
38:40 ప్రింట్ తీసి కాలేజీలో ఇవ్వడం
43:10 స్టేటస్ చూడటం
```

పేర్లు పెట్టుడు దగ్గరనే ఎక్కువ టైమ్ పట్టింది. మొదట "పార్ట్ 1", "స్టెప్ 2", "ముఖ్యమైన విషయం" అని రాసిన. అవి నాకు తెలుసు, చూసేవాళ్లకు ఏం తెలుస్తది? మా చెల్లెను అడిగిన, "నువ్వయితే ఏమని వెతుకుతవ్?" అని. "స్కాలర్‌షిప్ ఏ బ్యాంకులో పడతది అని వెతుకుత" అన్నది. చాప్టర్ పేరు అదే పెట్టిన. ఆదాయ ధ్రువీకరణ పత్రం అని పుస్తకంల రాస్తరు గానీ మనోళ్లు ఎవరూ అట్ల వెతకరు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ అనే అంటరు.

వెతికేటప్పుడు ఈ పేర్లు ఎట్ల పనికొస్తయంటే, గూగుల్‌లో ఏదన్నా వెతికితే కొన్ని వీడియోల కింద కీ మూమెంట్స్ అని ముక్కలు కనిపిస్తయి, నొక్కితే నేరుగా ఆ నిమిషానికి పోతది. యూట్యూబ్ వీడియోలకు డిస్క్రిప్షన్‌లో మనం రాసిన టైమ్‌లను, పేర్లను గూగుల్ దానికి వాడుకుంటది. యూట్యూబ్ సెర్చ్‌లో కూడా వీడియో కింద చాప్టర్లు కనిపించొచ్చు. బ్యాంకు సంగతి వెతికే పిల్లకు "స్కాలర్‌షిప్ అప్లికేషన్ పూర్తి వివరాలు" అనే 47 నిమిషాల వీడియో కనిపిస్తే భయపడి వదిలేస్తది. దాని కిందనే తన ప్రశ్న కనిపిస్తే నొక్కుతది. ఐతే రాసినంత మాత్రాన తప్పకుండా చూపిస్తరని లేదు, వీడియో పైకి ఎగిరి కూర్చుంటదని కూడా లేదు. టైటిల్, లోపల చెప్పిన విషయం సరిగా లేకపోతే చాప్టర్లు ఏం చేయలేవు.

మనం రాయకపోతే యూట్యూబే కొన్ని వీడియోలకు సొంతంగా చాప్టర్లు పెడ్తది. మనం రాస్తే మనవే ఉంటయి. అందుకే మనమే రాసుకుంటే మంచిది.

ఇక జనం ఎంతసేపు చూస్తున్నరనే సంగతి. స్టూడియోలో ఎనలిటిక్స్‌లో ఆడియన్స్ రిటెన్షన్ అని ఒక గ్రాఫ్ ఉంటది. ఏ నిమిషంలో ఎంతమంది ఉన్నరో అది చూపిస్తది. చాప్టర్లు లేనప్పుడు నా గ్రాఫ్ జారుడు బండ లెక్క ఉండె. మొదటి రెండు నిమిషాల్లోనే సగం కంటే ఎక్కువమంది పోయిండ్రు, తర్వాత మెల్లగా కిందికి. చాప్టర్లు పెట్టినంక అక్కడక్కడ గుట్టలు లేచినయి. 23:30 దగ్గర ఒకటి, 31:15 దగ్గర ఇంకా పెద్దది. మొదట్లనే వెళ్లిపోయేవాళ్లలో కొందరు ఇప్పుడు తమకు కావాల్సిన జాగకు దుంకి అక్కడ నిలబడుతున్నరు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చాప్టర్లు పెడితే ప్రతి ఒక్కరూ ఎక్కువసేపు చూస్తరని కాదు. ఇదివరకు వెతుక్కుంటూ ఇరవై నిమిషాలు కూర్చున్న మనిషి ఇప్పుడు ఐదు నిమిషాల్లో పని చూసుకుని పోతడు. రెండు నిమిషాలకే విసుగొచ్చి పోయే మనిషి ఏడు నిమిషాలు ఉంటడు. సగటు పెరగొచ్చు, తగ్గొచ్చు కూడా. పాటలకో, కథకో, చివరి దాకా చూడాల్సిన వీడియోకో చాప్టర్లు ఎందుకని ఆలోచించొచ్చు. పని నేర్పే వీడియోకు మాత్రం సగటు కంటే ఆ గుట్టలే ముఖ్యం.

గుట్టకు రెండు అర్థాలు ఉంటయి. అది అందరికీ కావాల్సిన ముక్క అయి ఉండొచ్చు, లేదంటే మనం చెప్పింది అర్థంకాక మళ్ల మళ్ల వెనక్కి తిప్పి చూస్తుండొచ్చు. గ్రాఫ్‌లో రెండూ ఒకే తీరు కనిపిస్తయి. తేడా కామెంట్లలో తెలుస్తది. ఫోటో సైజ్ దగ్గర "థాంక్స్ అన్నా, అయిపోయింది" అని రాసిండ్రు. బ్యాంకు దగ్గర "అన్నా, మరి ఏ బ్యాంకుకు సీడ్ అయిందో ఎట్ల తెలుస్తది?" అని ఒకటే ప్రశ్న నలుగురు అడిగిండ్రు. నేను విని చూసుకుంటే నిజమే, సీడింగ్ ఉండాలి అని మూడుసార్లు చెప్పిన గానీ ఎట్ల చూసుకోవాలో సరిగా చూపెట్టలేదు. ఆ ఒక్క ముక్కకు ఆరు నిమిషాల వేరే వీడియో చేసి, దాని లింక్ పెద్ద వీడియో డిస్క్రిప్షన్‌లో పెట్టిన. చూసినవాళ్లు వంద మంది కూడా లేనప్పుడు మాత్రం గ్రాఫ్‌ను నమ్మకండి, ఇద్దరు ముగ్గురు తిప్పి చూసినా గుట్ట లేస్తది.

ఇంకొక్కటి, నెట్ తక్కువ ఉన్న ఊర్లకు ఇది ముఖ్యం. చాప్టర్ నొక్కితే వీడియో అక్కడి నుంచే లోడ్ అయితది, ముందున్న 31 నిమిషాల డేటా ఖర్చు కాదు. ఎవరికైనా పంపేటప్పుడు లింక్ చివర సెకన్లు కూడా పెట్టొచ్చు. 31 నిమిషాల 15 సెకన్లు అంటే 1875 సెకన్లు, షేర్ చేసే చిన్న లింక్‌లో ఇదివరకే `?` ఉంటే చివర `&t=1875` అని, లేకపోతే `?t=1875` అని పెడితే నొక్కంగనే అక్కడే తెరుచుకుంటది.

మా చెల్లె పాత బ్యాంకుకు పోయి డబ్బులు తీసుకుని కిరాయి కట్టింది. ఆ తర్వాత సీడింగ్ కొత్త అకౌంట్‌కు మార్పించుకున్నది. ఈసారి వాళ్ల రూమ్‌లో పిల్లలకు ఆమెనే లింక్ పంపిందట, "ముప్పై ఒకటో నిమిషం నుంచి చూడుండ్రి" అని.

మీ పాత పెద్ద వీడియోలు ఉంటే ఒకటి తెరిచి, కాగితం పెన్ను పట్టుకుని ఒక్కసారి మొత్తం చూడండి. కొత్త విషయం మొదలైన ప్రతిచోటా, మొదటి మాటకు ఒకటి రెండు సెకన్ల ముందు టైమ్ రాసుకోండి. నాకు 47 నిమిషాల వీడియోకు గంటన్నర పట్టింది. గీత విడిపోకపోతే మీ లిస్ట్ కింద కామెంట్‌లో పెట్టండి, ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.