ఆ ఆదివారం నేను కొట్టేసిన మెయిల్

ఇది నా తప్పు గురించిన పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

వరి పండించే వాళ్ళకి మాకో మెయిలింగ్ లిస్ట్ ఉందని మీలో కొందరికి తెలుసు. ఆ అడ్రస్‌కి ఒకరు మెయిల్ రాస్తే సభ్యులందరికీ వెళ్ళిపోతుంది. పాతకాలం పద్ధతే, మెయిల్‌మన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ఒకసారి అందరికీ వెళ్ళిన మెయిల్‌ని వెనక్కి లాగలేం. అందుకే కొత్తగా చేరిన వాళ్ళ మొదటి మెయిల్ ఆగేలా పెట్టుకున్నాం. అది చూసి వదిలే పని నాది.

పేజీ తెరిస్తే ఆగిన మెయిళ్ళన్నీ వరసగా ఉంటాయి. ఒక్కో పంపినవాడి కింద నాలుగు గడులు: `Defer`, `Accept`, `Reject`, `Discard`. మనం ఏదీ ముట్టుకోకపోతే `Defer` మీదే ఉంటుంది, అంటే తర్వాత చూద్దాం అని. `Reject` నొక్కితే పంపిన మనిషికి కబురు వెళ్తుంది. `Discard` నొక్కితే ఎవరికీ ఏమీ తెలియదు, మెయిల్ మాయం.

చిక్కు ఎక్కడంటే, సభ్యులు కాని వాళ్ళు పంపే చెత్త కూడా అదే పేజీలో వచ్చి ఆగుతుంది. లాటరీలు, అప్పులు, ఎక్కడిదో తెలియని భాషలో మందుల ప్రకటనలు. రోజూ పాతిక ముప్పై. ఒక్కోటి కొట్టేయలేక పేజీలో ఉన్న ఓ టిక్కు అలవాటు చేసుకున్నాను: `Discard all messages marked Defer`. మంచివాటికి `Accept` పెట్టడం, ఆ టిక్కు పెట్టడం, పంపేయడం. రెండు నిమిషాల్లో పని అయిపోయేది. మెయిల్ ఆగినప్పుడల్లా నాకు కబురొచ్చే ఏర్పాటు కూడా విసుగొచ్చి తీసేశాను. రోజుకొకసారి పొద్దున్నే జాబితా వస్తే చాలనుకున్నాను.

ఆ ఆదివారం మా చేలో కోత మిషను. గట్టు మీద నిలబడి ఫోన్లోనే చేసేశాను. ఆ జాబితాలో ఒకదానికి `(no subject)` అని ఉంది. అడ్రస్ చూస్తే ఏవో అక్షరాలు, అంకెలు. తెరవలేదు. దాని మీద "సభ్యులు కానివారి మెయిల్" అన్న కారణం లేదు, "మోడరేట్ చేసే లిస్టుకి వచ్చిన మెయిల్" అన్న అర్థం వచ్చే కారణం ఉంది. అది చదివినా సరిపోయేది. చదవలేదు.

పది రోజుల తర్వాత ఫోను. పెద్దాయన గొంతు. "బాబూ, నేను మెయిలు పెట్టాను, ఎవ్వరూ పలకలేదు. ఆగిందని ఇంగ్లీషులో ఏదో వచ్చింది. మా మనవడు చదివి, పెద్దవాళ్ళు చూస్తారు తాతా అన్నాడు. చూస్తూనే కూర్చున్నా."

ఆయన అడిగింది సుడిదోమ గురించి. చేలో ఒకచోట గుండ్రంగా ఎండిందట. దుకాణంలో సింథటిక్ పైరిత్రాయిడ్ ఇచ్చారట, కొట్టొచ్చా అని ప్రశ్న. మా లిస్టులో ఎవరైనా గంటలో చెప్పేవారు, వద్దండీ అని. అది దోమని తినే సాలీళ్ళని ముందు చంపుతుంది, దోమ ఇంకా ఎగదన్నుతుంది. నీళ్ళు తీసేసి, దుబ్బుల మొదళ్ళు చూసుకుని, దోమకి పనిచేసే మందు మొదళ్ళకి తగిలేలా కొట్టాలి. రెండ్రోజులు చూసి ఆయన ఆ మందే కొట్టారు. ఒక మచ్చ నాలుగు మచ్చలైంది. ఎంత పోయిందని అడగడానికి నాకు నోరు రాలేదు.

తప్పు నాదేనని ఆయనకి చెప్పాను. "పోన్లే బాబూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ టిక్కు ఇప్పుడు ముట్టుకోను. ముందు సభ్యుల మెయిళ్ళు తెరిచి చదువుతాను, చెత్త సంగతి తర్వాత. మొదటి మెయిల్ బాగుంటే వదిలేటప్పుడే `Clear this member's moderate flag` కూడా టిక్కు పెడతాను, ఆ మనిషి రెండో మెయిల్ ఆగదు. కబుర్లు మళ్ళీ వెంటనే వచ్చేలా పెట్టాను. కోతలు, నాట్లు ఉన్న రోజుల్లో పాస్‌వర్డు ఉన్న ఇంకో మిత్రుడు చూస్తాడు.

విషయం కానివి వస్తే `Discard` కాదు, `Reject`. అక్కడ కారణం రాసే పెట్టెలో ముందే `[No explanation given]` అని ఉంటుంది. అలాగే వదిలేస్తే ఆ ముక్కే ఆయనకి వెళ్తుంది. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద తలుపేసినట్టే. అది చెరిపి తెలుగులో రెండు లైన్లు రాస్తాను. మొన్నొకాయన పాత ట్రాక్టరు అమ్మకానికి పెట్టారు. "అండీ, ఇక్కడ వరి సాగు మాటలే నడుస్తాయి, అమ్మకాలు వద్దనుకున్నాం. మీ చేను సంగతి రాయండి, వెంటనే వదులుతాను" అని రాశాను. ఆయన ఫ్లాగు మాత్రం తియ్యలేదు. మిల్లు బకాయిల మీద రాసినాయన్ని ఆపినందుకు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆ విషయంలో నేను చేసింది రైటో కాదో నాకింకా తేలలేదు.

పెద్దాయన ఫ్లాగు ఆరోజే తీసేశాను. ఈ సార్వాకి నాట్లలో రెండు మీటర్లకో కాలిబాట వదిలానని రాశారు, చాలామంది జవాబిచ్చారు. పోయిన వారం మనవరాలి పెళ్ళి శుభలేఖ లిస్టులో పెట్టేశారు. ఫ్లాగు లేదు కదా, నన్నడక్కుండా అందరికీ వెళ్ళిపోయింది.