ఒక్కరోజు సెలవు.. రెండే మిస్డ్ కాల్స్!

పోయిన డిసెంబర్‌లో సీఎంఏ ఇంటర్ చివరి పేపర్ రాసి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేశాను. 14 మిస్డ్ కాల్స్! అన్నీ షాపు నుంచే. గోడౌన్ దగ్గర పైపుల లోడుతో బండి మూడు గంటలుగా ఆగిపోయి ఉంది. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలకూడదు. ఆ పోర్టల్ పాస్‌వర్డ్ తెలిసింది నాకొక్కదానికే. సెలవైతే అడిగాను గానీ, నాతోపాటు పాస్‌వర్డ్ కూడా సెలవు పెట్టేసిందని తట్టలేదు.

తెనాలిలో పైపులు, మోటార్లు అమ్మే షాపులో అకౌంట్స్ చూస్తాను. ఆ గ్రూపులో మూడు పేపర్లలో 60 దాటడంతో వాటికి మినహాయింపు వచ్చింది. లా పేపర్ ఒక్కటే మిగిలింది. దాని తేదీ చూసి గుండె జారింది. జూన్ 11! నెలనెలా జీఎస్టీఆర్-1 వేసేవాళ్లకి అదే ఆఖరి రోజు.

డిసెంబర్ సంగతి మా ఓనర్ గారు మర్చిపోలేదు. ‘పరీక్ష మధ్యాహ్నం కదా అమ్మాయ్, పొద్దున వచ్చి ఆ పని చూసుకుని వెళ్లు’ అన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆఖరి రోజు పోర్టల్ నత్తనడక నడుస్తుంది. పైగా సెంటర్ విజయవాడలో. రైలు తప్పితే ఇంకో ఆరు నెలలు పోయినట్టే. సగం రోజు సెలవు తీసుకుంటే ఇటు పనీ కాదు, అటు పరీక్షా కాదు.

అందుకే ఆయనతో వాదించలేదు. ఆ రాత్రి కూర్చుని, 11వ తేదీ నేను లేకపోతే ఏవేం ఆగుతాయో కాగితం మీద రాశాను. పెద్ద లిస్టు వస్తుందనుకున్నా. నిజంగా ఆగేవి రెండే. ఒకటి రిటర్ను, రెండోది ఈ-వే బిల్లు. మర్నాడు, అంటే మే 25న, హాల్‌టికెట్ పెట్టి ఈ మెసేజ్ పంపాను.

‘సార్, జూన్ 11న పరీక్షకు ఒకరోజు పూర్తి సెలవు కావాలి. మే నెల బిల్లులు, క్రెడిట్ నోట్లు 7వ తేదీకల్లా సరిచూస్తాను. 9న రిటర్ను వేద్దాం. ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది కాబట్టి ఆ రోజు 11 గంటలకు మీరు షాపులో ఉండాలి. ఏదైనా తేడా వస్తే 10వ తేదీ చేతిలో ఉంటుంది. ఈ-వే బిల్లులు గోడౌన్ అన్న చేస్తారు, ముందే నేర్పిస్తాను. చెక్కులు, లెడ్జర్ పనులు 12న చూస్తాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం అయిదున్నర దాకా నా ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది.’

పది నిమిషాల్లో ‘సరే’ అని వచ్చింది.

అన్నకి మెయిన్ పాస్‌వర్డ్ ఇవ్వలేదు. అది ఇస్తే షాపు ఖాతా అంతా ఇచ్చినట్టే. ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్-యూజర్ అని ఉంటుంది. దాంట్లో అన్నకి వేరే లాగిన్, బిల్లు తీసే పని వరకే అనుమతి. ఓటీపీ కూడా అన్న ఫోన్‌కే వస్తుంది. చేసి చూపించి వదిలేస్తే లాభం లేదు. అందుకే జూన్ మొదటి వారంలో వచ్చిన నాలుగు లోడ్లకూ అన్న చేతే తీయించాను. నేను పక్కన కూర్చున్నా మౌస్ ముట్టుకోలేదు. మొదటి బిల్లుకి అరగంట పట్టింది, నాలుగోదానికి అయిదు నిమిషాలు. అన్న ఎక్కడ తడబడ్డారో అవే ఒక పేజీలో రాసి కంప్యూటర్ పక్కన అంటించాను.

9న రిటర్ను వేయబోతే ఒక డీలర్ జీఎస్టీ నంబర్ తప్పని తేలింది. సరిచేసుకుని 10న వేశాం. ఆ ఒక్కరోజు ముందే మిగుల్చుకోకపోతే 11న పొద్దున నేను షాపులోనే ఉండేదాన్ని.

పరీక్ష అయ్యాక ఫోన్ ఆన్ చేశాను. రెండే మిస్డ్ కాల్స్. రెండూ అమ్మవే. నేనే అన్నకి ఫోన్ చేశాను. ‘లోడ్ వెళ్లిపోయిందిరా. బండి నంబర్ ఒక అంకె తప్పు కొట్టాను. నీ కాగితంలో ఉందిగా, బిల్లు రద్దు చెయ్యక్కర్లేదు, Part-Bలో కొత్త నంబర్ ఇస్తే చాలని. అలాగే చేశా’ అన్నారు.

ఫలితాలు ఇంకా రాలేదు. 12న షాపుకి వెళ్తే ఓనర్ గారు పేపర్ ఎలా రాశావని మాత్రం అడిగారు. బండి గురించి అడగలేదు. ఆ కాగితం ఇంకా కంప్యూటర్ పక్కనే ఉంది. వచ్చే నెల అన్న కూతురి పెళ్లి. ఆయన సెలవు పెడితే స్టాక్ రిజిస్టర్ ఎవరు చూడాలో నాకోసం ఇంకో కాగితం రాస్తున్నారు.