మగ్రిబ్ వేళ

నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్నప్పటి మాట. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 దాకా ఈవెనింగ్ డ్యూటీ. కిటికీ పక్క మంచం మీద ఒక దాదీమా. గుండె, కిడ్నీలు రెండూ జవాబిచ్చేశాయి. ఇక మెషీన్లు వద్దు, తక్లీఫ్ లేకుండా చూస్తే చాలని ఇంటివాళ్లు డాక్టరుతో మష్వరా చేసుకున్నారు.

"ఈ పూట నీకు వేరే పని లేదు. ఆమె దగ్గర కూర్చో" అన్నారు సిస్టర్. నాకది సజాలా అనిపించింది. బీపీ చూడటం, ఇంజెక్షన్ ఇవ్వటం నేర్చుకున్నాను గానీ ఊరికే కూర్చోవటం నాకెవరూ నేర్పలేదు.

ఆమె ఊపిరి లోతుగా, వేగంగా సాగి, మెల్లగా చిన్నదైపోయి, ఆగిపోయేది. వాచీ చూసేదాన్ని. పది సెకన్లు, పదిహేను, ఇరవై... మళ్లీ మొదలయ్యేది. మొదటిసారి భయపడి సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె వచ్చి దుప్పటి తీసి చూపించారు. పాదాలు చల్లబడ్డాయి. మోకాళ్ల మీద వల పరిచినట్టు ఊదారంగు మచ్చలు. "రక్తం కాళ్లదాకా సరిగ్గా రావటం లేదు. ఇంకెంతో టైమ్ లేదు" అన్నారు మెల్లగా.

కాసేపటికి గొంతులో గురగుర మొదలైంది. "అమ్మీకి ఊపిరాడటం లేదా? పైపు పెట్టి తీసేయండి" అని కొడుకు పరేషాన్ అయ్యాడు. మింగలేని ఉమ్మి గొంతులో నిలిచిపోయి, గాలి దాని మీదుగా పోతుంటే వచ్చే చప్పుడు అది. వినేవాళ్లకి ఉన్నంత బాధ ఆమెకి ఉండకపోవచ్చనీ, పైపు పెడితేనే తక్లీఫ్ అనీ సిస్టర్ చెప్పారు. ఇద్దరం కలిసి పక్కకి తిప్పి వీపు వెనక దిండు పెట్టాం. చప్పుడు తగ్గింది.

ఆయన జేబులోంచి చిన్న జమ్‌జమ్ సీసా తీశాడు.

"స్పూనుతో వద్దు భాయ్‌జాన్, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని గాజు గుడ్డ తడిపి, పిండి ఇచ్చాను. అమ్మీ పెదాలకి తనే అద్దాడు.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆయన లేవలేక కూర్చున్నాడు.

"నేనుంటాను, వెళ్లిరండి" అన్నాను.

"కలిమా చదువుతూ ఉండు బేటీ, వింటుందేమో."

చెయ్యి పట్టుకుని చెవి దగ్గర మెల్లగా చదివాను. ఈసారి ఆగిన ఊపిరి నలభై సెకన్లయినా రాలేదు. దవడ రెండుసార్లు కదిలింది. అంతే. మణికట్టు దగ్గర నాడి దొరకలేదు. సిస్టర్‌ని పిలిచాను. డాక్టరు వచ్చి కళ్లలో టార్చి వేసి, గుండె విని, ఈసీజీ తీసి టైమ్ రాశారు.

ఆయన తిరిగొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "ఒంటరిగా పోయిందా?"

"లేదు భాయ్‌జాన్. చెయ్యి వదల్లేదు. మీరు చెప్పినట్టే కలిమా చదువుతూనే ఉన్నాను."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, తర్వాత అమ్మీ కళ్లు మూశాడు.

ఆ రోజు రికార్డు బుక్కులో రాయడానికి నేను చేసిన ప్రొసీజర్ ఒక్కటీ లేదు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే స్టూడెంట్లకి, అలాంటి మంచం పక్కన ముందు కుర్చీ వేస్తాను.